సెర్చ్ బాక్సులో చివరి మాట చూడండి

సెర్చ్ బాక్సులో రెండు మాటలు కొట్టగానే కింద ఓ జాబితా జారుతుంది. కొత్త పేజీ రాయాలన్నా, వీడియో చేయాలన్నా, చిన్న యాప్ తయారు చేయాలన్నా చాలామంది ముందుగా చూసేది దాన్నే. అందులోని పది వాక్యాలూ కాపీ చేసుకుంటారు, ఒక్కోదానికీ ఒక్కో పేజీ రాసేస్తారు. జనం అడుగుతున్నారు కాబట్టి మనం రాస్తే చదువుతారన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క సగమే సరైంది. జనం ఏం అడుగుతున్నారో ఆ జాబితాలోని వాక్యం, అంటే సజెషన్, చెబుతుంది. అడిగింది వాళ్లకి దొరికిందో లేదో చెప్పదు. వంద పేజీలు సరిగ్గా చెప్పేసిన విషయమైనా, ఒక్క పేజీ కూడా చెప్పని విషయమైనా ఆ జాబితాలో ఒకేలా కనిపిస్తాయి.

ఫోన్లు, కంప్యూటర్ల వాడకం గురించి మామూలు జనానికి అర్థమయ్యేలా రాయడం నా పని. ఏది రాయాలో తేల్చుకోవడానికి నేనూ సజెషన్లే చూస్తాను. అయితే ముందు నా కన్ను పడేది ప్రశ్న చివర జనం తగిలించిన షరతు మీద. ఫలానాది లేకుండా, ఫలానా పని చేశాక, ఫలానాది పనిచేయకపోతే. ఈ తోక ఎలా పుడుతుందో ఆలోచించండి. మొదటిసారే అంత పొడుగు ప్రశ్న టైప్ చేసేవాళ్లు తక్కువ. ముందు డిలీట్ అయిన ఫోటోలు ఎలా తెచ్చుకోవాలి అని వెతుకుతారు. వచ్చిన పేజీలన్నీ బ్యాకప్‌లోంచి తెచ్చుకోమంటాయి. వీళ్లు బ్యాకప్ పెట్టుకోలేదు. దాంతో వెనక్కొచ్చి 'బ్యాకప్ లేకుండా' అని కలుపుతారు. ఒకసారి వెతికి, దొరక్క తిరిగొచ్చిన మనిషి ఆ రెండు మాటల్లో ఉన్నారు. అలాంటివాళ్లు చాలామంది ఉంటేనే అది సజెషన్ అవుతుంది.

ఈ ఫోటోల ప్రశ్ననే తీసుకుని మొదట్నుంచీ చివరిదాకా ఎలా చూడాలో చెబుతాను.

గూగుల్‌లో ఈ సజెషన్ల సదుపాయం 2004 డిసెంబరులో కెవిన్ గిబ్స్ అనే ఇంజనీర్ చేసిన ప్రయోగంగా బయటికొచ్చింది, 2008లో ప్రధాన పేజీకి చేరింది. ఇందులో కనిపించేవి వేరేవాళ్లు నిజంగా వెతికినవాటి ఆధారంగా వచ్చినవే. కాకపోతే మీ భాష, మీరున్న చోటు, మీరు ఇంతకుముందు వెతికినవి కూడా జాబితాని మారుస్తాయి. అందుకని అకౌంట్‌లోంచి బయటికొచ్చి, ఇన్‌కాగ్నిటో విండోలో మొదలుపెట్టాలి. భాష, చోటు ప్రభావం అప్పటికీ పోదు, కానీ మీ సొంత అలవాట్లు అందులో కలవకుండా ఉంటాయి. లేకపోతే మీరు నిన్న వెతికినదే ఈరోజు లోకమంతా అడుగుతున్నట్టు కనిపిస్తుంది.

తర్వాత విషయాన్ని మార్చకుండా షరతుని మారుస్తూ వెళ్లాలి. నేను టైప్ చేసేవి ఇలా ఉంటాయి:

```
recover deleted photos
recover deleted photos without
recover deleted photos after
recover deleted photos from
can deleted photos
```

ఒక్కో లైను చివర స్పేస్ కొట్టి ఆగి, వచ్చినవి రాసుకోవాలి. చివరే కాకుండా మధ్యలో కూడా ఖాళీ వదలొచ్చు. కర్సర్‌ని రెండు మాటల మధ్యకి తీసుకెళ్లి అక్కడ స్పేస్ కొడితే, ఆ ఖాళీలో జనం ఏం పెడుతున్నారో కొన్నిసార్లు తెలుస్తుంది. ఈ ఉదాహరణలో వచ్చే తోకలు దాదాపు ఇలా ఉంటాయి: బ్యాకప్ లేకుండా, కంప్యూటర్ లేకుండా, యాప్ లేకుండా, రూట్ చేయకుండా, ఫ్యాక్టరీ రీసెట్ తర్వాత, రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేశాక, ఉచితంగా. మీ స్క్రీన్ మీద వరుస వేరుగా ఉండొచ్చు, ఒకటి రెండు మారొచ్చు.

చాలామంది వీటిని మాటల ప్రకారం విడదీస్తారు, ఫోటోలు ఒక పేజీ, పిక్చర్స్ ఇంకో పేజీ, గ్యాలరీ మరో పేజీ అన్నట్టు. అలా చేస్తే ఒకే పేజీ మూడుసార్లు తయారవుతుంది. షరతు వెనకున్న మనిషి పరిస్థితిని బట్టి విడదీస్తే ఈ జాబితా మూడు గుంపులుగా విడిపోతుంది. మొదటి గుంపు వాళ్ల ఫోటో ఇంకా ఫోన్‌లోనే ఎక్కడో ఉంది, ఎక్కడ చూడాలో తెలియదు. రెండో గుంపు వాళ్ల ఫోటో ఫోన్‌లో లేదు, ఏదో ఒక రకంగా బయటికి తీయొచ్చని ఆశ. మూడో గుంపుకి దారి తెలుసు, కంప్యూటరో డబ్బో లేదు. ఒక్కో గుంపుకి చెప్పాల్సిన జవాబు వేరు. ఇక్కణ్నుంచి పనంతా రెండో గుంపు మీదే.

ఇప్పుడు సజెషన్ మీద నొక్కి రిజల్ట్స్ చూడాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే. మొదటి పేజీలో వచ్చినవన్నీ తెరిచి చదవాలి, హెడ్డింగులు చూసి వదిలేయకూడదు. చదివేటప్పుడు నేను ఒక్క ప్రశ్న పట్టుకుంటాను. ప్రశ్నలో ఉన్న షరతు జవాబులో ఎక్కడైనా ఉందా? హెడ్డింగ్‌లో 'బ్యాకప్ లేకుండా' అని ఉంటుంది. లోపలికి వెళ్తే మొదటి పద్ధతి గూగుల్ ఫోటోస్, రెండోది క్లౌడ్ బ్యాకప్, మూడోది వాళ్లు అమ్మే సాఫ్ట్‌వేర్. అంటే రెండు పద్ధతులు షరతుని పక్కనపెట్టాయి, మూడోది అమ్మకం. ఒక్కోసారి గూగుల్ తనే ఈ సంగతి ఒప్పుకుంటుంది. రిజల్ట్ కింద చిన్న అక్షరాల్లో `Missing:` అని ఉండి, మీరు టైప్ చేసిన ఒక మాట కొట్టేసి కనిపిస్తుంది. ఆ మాట ఆ పేజీలో లేదని అర్థం. కొట్టేసిన మాట మీ షరతే అయితే అక్కడ ఆగాలి. నా అనుభవంలో ఖాళీకి ఇంతకంటే సూటి గుర్తు ఇంకోటి లేదు.

ఇంకో రెండు విషయాలు కూడా చూస్తాను. మొదటిది, పేజీలు రాసినవాళ్లెవరు? ఈ ప్రశ్నకి మొదట వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఫోటో రికవరీ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల బ్లాగులే. అన్నిట్లోనూ అవే మెట్లు, దాదాపు అవే వాక్యాలు. రెండోది, మధ్యలో ఫోరం చర్చలు తేలుతున్నాయా? నాలుగైదేళ్ల కిందటి చర్చ, కింద ఎవరో 'నాకూ ఇదే సమస్య, ఏమైనా తెలిసిందా?' అని అడిగి వదిలేసింది, మొదటి పేజీలో ఉందంటే దానికంటే మంచి పేజీ సెర్చ్ ఇంజన్‌కి దొరకలేదన్నమాట.

రిజల్ట్స్ మధ్యలో 'జనం ఇవి కూడా అడుగుతారు' అనే పెట్టె ఒకటి వస్తుంది, 2015 నుంచి ఉంది. మామూలుగా నాలుగు ప్రశ్నలతో మొదలవుతుంది, ఒకటి తెరిస్తే కింద ఇంకొన్ని పుడతాయి. తెరుస్తూ పోతే చాలాసేపు పోవచ్చు, కానీ కాసేపటికి అసలు విషయం నుంచి ఎటో వెళ్లిపోతుంది, కాబట్టి షరతు మారిపోయిన చోట ఆపేయడం మంచిది. ఈ పెట్టెని చదివే పద్ధతి సజెషన్ల పద్ధతి లాంటిది కాదు. ఇక్కడ చాలా ప్రశ్నల కింద ఏదో ఒక పేజీ నుంచి తీసిన కొన్ని వాక్యాలు ఉంటాయి. అంటే ఏదో ఒక జవాబు దొరికిన ప్రశ్నలే మామూలుగా ఇందులోకి వస్తాయి. ఎవరూ జవాబు చెప్పని ప్రశ్న కోసం ఇక్కడ వెతికితే దొరకదు. వెతకాల్సింది ప్రశ్నకీ దాని కింద అతికించిన జవాబుకీ మధ్య తేడాని.

ఫోటోల ఉదాహరణలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. శాశ్వతంగా డిలీట్ చేసిన ఫోటోలు తిరిగొస్తాయా అని ఒక ప్రశ్న ఉంటుంది. దాని కింద, వస్తాయి, ఫలానా టూల్ వాడండి అని ఒక కంపెనీ పేజీ జవాబు. కొంచెం కిందికి అదే అర్థం వచ్చే ఇంకో ప్రశ్న, దాని కింద, గడువు దాటితే రావు అని ఫోన్ కంపెనీ సహాయ పేజీ జవాబు. ఒకే పెట్టెలో అవుననీ, కాదనీ. ఇలాంటి జంట దొరికిందంటే ఆ విషయంలో జనానికి స్పష్టత దొరకట్లేదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. అందుకే ఈ పెట్టెలో నేను మొదట వెతికేది పరస్పరం పొసగని జవాబుల్నే.

ఇంతకీ నిజమైన జవాబు ఏంటి? ఖాళీ ఉందని తేల్చేముందు ఆ ఖాళీలో ఏం ఉండాలో మనకి తెలియాలి కదా. ఫోటో ఇంకా ట్రాష్‌లో ఉంటే వస్తుంది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి, బ్యాకప్ కానివి 30 రోజులు. ఐఫోన్‌లో 'రీసెంట్లీ డిలీటెడ్' ఆల్బమ్‌లో మామూలుగా 30 రోజులు. అది దాటితే, ఇప్పటి ఫోన్ సొంత మెమరీలోంచి తీయడం దాదాపు అసాధ్యం. ఆండ్రాయిడ్ 10తోనో ఆ తర్వాతి వెర్షన్‌తోనో విడుదలైన ఫోన్లలో ఒక్కో ఫైలుకీ ఎన్‌క్రిప్షన్, అంటే తాళం వేసినట్టు రహస్య రూపంలో దాచడం, తప్పనిసరి. ఫైలు తీసేసినప్పుడు అది ఉన్న చోటు ఖాళీ అయిందని సిస్టమ్ మెమరీకి చెబుతుంది, మెమరీ ఆ చోటుని తుడుచుకుంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తాళంచెవులే పోతాయి, మిగిలిన డేటా ఉన్నా చదవలేం. విడిగా పెట్టిన మెమరీ కార్డు మాత్రం వేరే కథ. అందులో ఎన్‌క్రిప్షన్ పెట్టుకోకపోతే, దాని మీద కొత్తగా ఏమీ రాయకుండా వెంటనే బయటికి తీసి, ఫోటోరెక్ లాంటి ఉచిత ప్రోగ్రాంతో కంప్యూటర్‌లో ప్రయత్నిస్తే చాలాసార్లు ఫోటోలు వస్తాయి.

అంటే రెండో గుంపులో ఎక్కువమందికి కావాల్సిన జవాబు 'రావు, ఇదిగో కారణం, అయినా ఈ చోట్ల ఒకసారి చూడండి' అనేదే. ఆ జవాబుతో అమ్మడానికి ఏమీ ఉండదు. అందుకే రాసేవాళ్లు లేరు. అడిగేవాళ్లు లేక ఖాళీ ఏర్పడటం ఒక రకం. నిజం చెబితే లాభం లేక ఏర్పడే ఖాళీ ఇంకో రకం, నా దృష్టిలో దీని వల్లే జనానికి ఎక్కువ నష్టం. ఏ మాటకి ఎంత వెతుకులాట, ఎంత పోటీ ఉందో చూపించే మామూలు కీవర్డ్ టూల్స్‌లో ఇది ఖాళీలా కనిపించదు కూడా. పోటీ ఎక్కువ, వదిలేయండి అని చూపిస్తాయి. పేజీల సంఖ్య చూస్తే నిండుగానే ఉంటుంది మరి.

మా పిన్ని ఒకసారి ఇందులోనే చిక్కుకుంది. మనవడి మొదటి పుట్టినరోజు ఫోటోలు పొరపాటున పోయాయి, ట్రాష్ కూడా ఖాళీ చేసేసింది. రిజల్ట్స్‌లో పైనున్న ఒక యాప్ వేసుకుని, స్కాన్ చేసి నాకు ఫోన్ చేసింది. "నాన్నా, ఇందులో ఫోటోలన్నీ కనిపిస్తున్నాయి. డబ్బు కడితే వెనక్కి ఇస్తానంటోంది. కట్టేయమంటావా?" ఆగమని చెప్పి స్క్రీన్‌షాట్లు పంపమన్నాను. అందులో సగం ఫోన్‌లో ఇప్పటికీ ఉన్న ఫోటోలే. మిగతావి గ్యాలరీ యాప్ తన సౌకర్యం కోసం దాచుకున్న చిన్న సైజు బొమ్మలు. పెద్దవి చేస్తే ముఖాలు కూడా గుర్తుపట్టలేనంత చిన్నవి. ఆ బొమ్మల్నే 'దొరికిన ఫోటోలు' అని చూపించి డబ్బు అడుగుతోంది ఆ యాప్. చివరికి పుట్టినరోజు ఫోటోల్లో కొన్ని, ఆమె వాట్సాప్‌లో అక్కకి పంపిన చాట్‌లో దొరికాయి. 'మీరు ఎవరికైనా పంపారా, వాళ్ల ఫోన్‌లో చూడండి' అన్న ఒక్క వాక్యం ఆమె చదివిన పేజీల్లో ఎక్కడా లేదు.

ఇలాంటి చోట్లకి డేటా వాయిడ్ అని ఒక పేరుంది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన మైకేల్ గోలెబీవ్‌స్కీ తెచ్చిన మాట ఇది, 2018లో డానా బాయిడ్‌తో కలిసి దీనిమీద ఒక నివేదిక రాశారు. వెతికేవాళ్లు ఉండి, మంచి సమాచారం లేని చోట తప్పుడు ఉద్దేశంతో రాసినవే పైకి తేలతాయన్నది వాళ్ల హెచ్చరిక. వాళ్లు ఎక్కువగా మాట్లాడింది దుష్ప్రచారం గురించి, కానీ ఫోటో రికవరీ రిజల్ట్స్ చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

కంపెనీల సైట్లలో 'తరచుగా అడిగే ప్రశ్నలు' అని ఉండే పేజీల్ని కూడా ఇదే పద్ధతిలో చదవొచ్చు, ఇంకా తొందరగా అయిపోతుంది. ఆ పేజీని ఒక పక్కన, ఆ సర్వీసు పేరుతో వచ్చే సజెషన్లని ఇంకో పక్కన పెట్టుకోండి. పేజీలో అకౌంట్ ఎలా తెరవాలి, ప్లాన్ ఎలా మార్చుకోవాలి ఉంటాయి. సజెషన్లలో పాత ఫోన్ నంబర్ లేకుండా అకౌంట్‌లోకి వెళ్లడం ఎలా, పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ తీసేయడం ఎలా ఉంటాయి. మొదటిది కంపెనీ చెప్పాలనుకున్నవి, రెండోది జనం నిజంగా అడుగుతున్నవి. రెండో పక్కన ఉండి మొదటి పక్కన లేనివే మీకు కావాల్సినవి.

ఇక ఈ పద్ధతి ఎక్కడ మోసం చేస్తుందో చెప్పాలి. సజెషన్ రాలేదంటే అడిగేవాళ్లు లేరని కాదు. గూగుల్‌కి రోజూ వచ్చే వెతుకులాటల్లో దాదాపు 15 శాతం అంతకుముందెప్పుడూ రానివని ఆ కంపెనీయే చాలాసార్లు చెప్పింది. వాటిలో ఏదీ సజెషన్ల జాబితాలో ఉండే అవకాశం లేదు. హింస, అశ్లీలత, ద్వేషం, ప్రమాదకరమైన పనుల లాంటి విషయాల్లో వాళ్లే కొన్నిటిని తీసేస్తారు కూడా. అక్కడి నిశ్శబ్దానికి కారణం నియమాలు. జాబితాలో పైకొచ్చినదాన్ని జనం నొక్కుతారు, నొక్కేకొద్దీ అది అక్కడే ఉండిపోతుంది, కాబట్టి వరుసలో మొదటిది ఎక్కువమంది అవసరమని కూడా అనుకోవద్దు.

భాష విషయంలో ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఇదే ఫోటోల ప్రశ్న తెలుగు లిపిలో టైప్ చేస్తే ఒక జాబితా, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైప్ చేస్తే ఇంకో జాబితా, ఇంగ్లీషులో అడిగితే చాలా పొడుగు జాబితా వస్తాయి. తెలుగులో తోకలు తక్కువగా కనిపిస్తే తెలుగువాళ్లకి ఆ ఇబ్బంది లేదని తేల్చేస్తే ఎలా? ఒకటి రెండుసార్లు తమ భాషలో అడిగి, పనికొచ్చేది ఏదీ రాకపోతే, జనం ఆ భాషలో అడగడమే మానేస్తారు. వాయిస్‌లో అడుగుతారు, ఇంగ్లీషులో తడబడుతూ అడుగుతారు, లేదా మా పిన్నిలా ఫోన్ చేస్తారు. కాబట్టి ఎక్కువమంది రాసే భాషలో షరతుల్ని ఏరుకుని, తక్కువ పేజీలున్న భాషలో ఆ షరతులకి జవాబు ఉందా అని చూడటం నేను ఎక్కువగా చేసే పని. షరతులు చాలావరకు ఫోన్‌ని బట్టి వస్తాయి, భాషని బట్టి కాదు.

గూగుల్ ట్రెండ్స్‌తో సరిచూసుకోవచ్చు కానీ, అందులో కనిపించే 0 నుంచి 100 అంకెలు మనుషుల సంఖ్య కావు. మీరు ఎంచుకున్న కాలంలో అత్యధికాన్ని 100 అనుకుని మిగతావాటిని దానితో పోలుస్తుంది. పొడుగు తోకల ప్రశ్నలకి అక్కడ తరచూ సున్నాయే వస్తుంది, డేటా సరిపోలేదని. నేను దాన్ని కాలాన్ని బట్టి వచ్చే పెరుగుదల చూడటానికే వాడతాను, అవసరం ఉందా లేదా తేల్చడానికి వాడను.

ఖాళీని సరిగ్గా పట్టుకున్నామో లేదో తెలిసేది పేజీ పెట్టాకే. సొంత సైటుకి గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ ఉచితంగా దొరుకుతుంది. ఏ ప్రశ్నకి మన పేజీ కనిపించింది, ఎంతమంది నొక్కారు, ఏ స్థానంలో ఉంది అని 16 నెలల దాకా చూపిస్తుంది. మరీ కొద్దిమంది అడిగిన ప్రశ్నల్ని గోప్యత కోసం చూపించదు, అది మనసులో పెట్టుకోవాలి. నేను 'రావు' అని మొదటి వాక్యంలోనే చెప్పి, తర్వాత వెతకాల్సిన చోట్లని రాసిన పేజీ పెట్టాక, అందులో నేను చూసింది నొక్కినవాళ్ల సంఖ్యని కాదు. నేను రాయని ఏ షరతుతో ఆ పేజీ కనిపిస్తోంది అని చూశాను. మెమరీ కార్డు గురించి నేను రాసింది ఒక్క పేరానే. వస్తున్న ప్రశ్నలు మాత్రం అక్కడే గుమిగూడాయి: కార్డులోంచి వీడియో తిరిగొచ్చింది, కానీ తెరుచుకోవట్లేదు.

దానికి రిజల్ట్స్ తెరిచి చదివితే మళ్లీ అదే దృశ్యం, వీడియో రిపేర్ సాఫ్ట్‌వేర్ అమ్మే పేజీలు. అసలు కారణం చాలావాటిలో లేదు. పెద్ద వీడియో కార్డులో ఒకే చోట ఉండకుండా ముక్కలుగా వేర్వేరు చోట్ల పడి ఉండొచ్చు. ఫోటోరెక్ లాంటి ప్రోగ్రాం ఫైళ్ల పట్టికని చూడకుండా, ఫైలు మొదలయ్యే గుర్తుని పట్టుకుని అక్కణ్నుంచి వరుసగా చదువుకుంటూ పోతుంది. ఫోటో చిన్నది కాబట్టి తరచూ మొత్తం ఒకేచోట దొరుకుతుంది. వీడియో మధ్యలో తెగితే వేరే ఫైలు ముక్కలు అందులో కలిసిపోతాయి. పేర్లు కూడా పోతాయి కాబట్టి ఏది ఏదో తెలియదు. కార్డు ఇంకా అలాగే ఉంటే, ఫైళ్ల పట్టికని చదివే ఇంకో రకం ప్రోగ్రాంతో ముందు ప్రయత్నించాలి, రిపేర్ టూల్ కొనడం ఆ తర్వాతి మాట. ఈ వారం రాస్తున్నది ఆ పేజీనే.